నాలుగు అడుగులు తక్కువ

కర్నూలు,
6 ఫిబ్రవరి 2023

చిరంజీవి దీవెనకు వీరభద్ర ఆశీస్సులు.

నిన్న మీ ఇంటికి వచ్చి గంటసేపు కూర్చున్నాను. మీ ఆయన శామ్ నోరు విప్పలేదు. మీ అత్త విశ్వాసమ్మ మజ్జిగ ఇచ్చింది కానీ మాట ఇవ్వలేదు. నువ్వు తలుపు చాటునుంచి బయటికే రాలేదు. పోయేటప్పుడు మాత్రం, "కాగితం మీద రాసి పంపండప్పా, చదువుకొని చెప్తాం" అన్నావు. ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు రాస్తారమ్మా? అయినా నీ మాట కాదనలేక రాస్తున్నాను.

విషయం చిన్నదే. బేతంచెర్ల దాటాక హైవే పక్కన మీకు తొంభై రెండు సెంట్లు ఉంది. దాని వెనక నేను పదకొండు ఎకరాలు కొన్నాను, ప్లాట్లు వేస్తున్నాను. లేఅవుట్‌కు అనుమతి రావాలంటే హైవే నుంచి నలభై అడుగుల దారి చూపించాలి. ఒక పక్క నీళ్ళు పారే వంక, అది ప్రభుత్వానిది. రెండో పక్క మిషను బడి, వాళ్ళు అమ్మరు. మధ్యలో మీదే. ముప్పై ఎనిమిది లక్షలు ఇస్తాను. రాళ్ళు తప్ప ఏమీ మొలవని నేలకు ఇది మంచి ధర.

నీకు తెలియదులే, మీ మామ లాజరు, మా నాయన ఒకే క్వారీలో పని చేశారు. ఒకరు రాయి కొట్టేవాడు, ఒకరు యజమాని. అయినా కలిసే టీ తాగేవాళ్ళు. ఆ చనువుతోనే అడుగుతున్నాను.

వీరభద్ర


బేతంచెర్ల,
14 ఫిబ్రవరి 2023

వీరభద్రప్ప గారికి దీవెన నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం అందింది. మా అత్తకు రెండుసార్లు, మా ఆయనకు ఒకసారి చదివి వినిపించాను. నేను ఏడో తరగతి దాకే చదివాను. తప్పులుంటే మన్నించండి. ఎదురుగా నిలబడి మాట్లాడడం నాకు చేతకాదు, అందుకే రాయమన్నాను. మా అత్త కూడా, "నోటి మాట గాలికి పోతాది పాపా, కాగితమైతే పెట్టెలో ఉంటాది" అంది.

మీరు మా ఇంటికి వచ్చినందుకు, మంచి ధర చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ నేల మేము అమ్మము. ధర చాలక కాదు. అమ్మే ఉద్దేశమే లేదు. ఇప్పుడు లేదు, తర్వాత కూడా లేదు. మీరు మా కోసం పని ఆపుకోకుండా వేరే దారి చూసుకోవాలని ఇంత స్పష్టంగా రాస్తున్నాను.

ఈ ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. దానితో వచ్చే కార్డు మీద సంతకం పెట్టి పోస్టుమాన్‌కు ఇవ్వండి.

దీవెన


కర్నూలు,
3 మే 2023

చిరంజీవి దీవెనకు,

నీ ఉత్తరం చూసి నవ్వుకున్నాను, కోపంతో కాదు. కార్డు మీద సంతకం పెట్టమంటావా! నా ఆఫీసులో అందరూ చూశారు.

బనగానపల్లె మామిడి పండ్లు బుట్ట పంపిస్తున్నాను. అడుగున ఒక చీర ఉంది, మీ అత్తకు. నా మాట యాభై లక్షలకు పెంచాను. దానికి తోడు లేఅవుట్‌లో తూర్పు ముఖం ప్లాటు ఒకటి. అందులో ఇల్లు కట్టుకో. రేకుల కింద ఎన్నాళ్ళుంటావు?

కడపలో ఉన్న మీ మరిది క్రాంతి కుమార్‌ను కలిశాను. తెలివైనవాడు. వదినకు లోకం తెలియదప్పా, నిదానంగా చెప్పండి అన్నాడు. నిదానంగానే చెబుతున్నాను.

వీరభద్ర


బేతంచెర్ల,
12 మే 2023

వీరభద్రప్ప గారికి నమస్కారాలు.

పండ్లు వెనక్కి పంపితే దారిలో కుళ్ళిపోతాయి. అందుకని ఆదివారం మా గుడిలో పిల్లలకు మీ పేరు చెప్పి పంచాను. ఖాళీ బుట్ట, అందులో చీర, మీరు పంపిన మనిషితోనే తిరిగి పంపుతున్నాను. చీర విప్పలేదు, మడత అలాగే ఉంది.

నేల అమ్మము. మీరు ధర పెంచారు కాబట్టి కారణం చెప్పడం మర్యాద అనుకుంటున్నాను.

మా అమ్మానాన్నలది కోసిగి పక్క పల్లె. ప్రతి ఏడూ పని కోసం గుంటూరు మిరప చేలకు పోయేవాళ్ళు. నేను అక్కడే, చేను గట్టున టార్పాలిన్ పట్ట కింద పుట్టాను. ఏ ఊళ్ళోనూ ఒక ఏడు నిండా లేను. బడిలో చేర్చేటప్పుడు సారు "మీదే ఊరు?" అని అడిగితే మా అమ్మ నా ముఖం చూసింది. పెళ్ళైన మరునాడు మా అత్త నన్ను ఆ నేలకు తీసుకుపోయి, "ఇది మనది. ఈడ నిలబడితే ఎవురూ నిన్ను ల్యా, పో అనరు" అంది. నా చేతికి ఎవరైనా ఇచ్చిన మొదటి చోటు అది. ఇది మీకు చిన్న కారణంగా అనిపిస్తే నేనేమీ అనుకోను.

ఇంకొక సంగతి మీకు తెలియాలి. ఆ నేల ఇంకా మా మామ లాజరు పేరనే ఉంది. ఆయన వీలునామా రాయలేదు. మా క్రైస్తవుల చట్టం ప్రకారం మూడో వంతు మా అత్తది, మిగిలింది ఇద్దరు కొడుకులకు చెరి సగం. అంటే ముగ్గురికీ తలా ఒక వంతు. మా అత్త తన వంతును పోయిన నెల నాకు దానంగా రాసి రిజిస్టర్ చేయించింది. కాబట్టి మీరు ఎవరిని అడిగినా చివరికి నన్నూ అడగాలి. నేను చెప్పేది ఇదే.

దీవెన


కర్నూలు,
20 ఆగస్టు 2023

దీవెనమ్మకు,

కొన్ని కబుర్లు. క్రాంతి కుమార్ తన వంతు నాకు అమ్మాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇప్పుడు నేను బయటివాడిని కాదు, మీతో పాటు భాగస్వామిని.

శామ్‌ను పాలిష్ ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేశారని విన్నాను. పన్నెండేళ్ళు చేసిన పని. పాపం. ఆ యజమాని నాకు బాగా తెలిసినవాడే. ఒక్క మాట చెబితే మళ్ళీ పిలుస్తాడు. నేను మాట చెప్పాలంటే నాకూ ఒక మాట రావాలి కదా. ఈ చుట్టుపక్కల ముప్పై ఫ్యాక్టరీలున్నాయి. అన్నీ తిరిగాడట, ఎవరూ పని ఇవ్వలేదట. కాలం అలా ఉంది.

ఇంకొకటి. ఆ నేలలో హైవేకు ఎదురుగా మీ మామ సమాధి ఉంది. రేపు నా వెంచర్‌కు అదే ముఖద్వారం. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్ళు కారు దిగగానే సమాధి కనబడితే వెనక్కి తిరుగుతున్నారు. దాన్ని మీ శ్మశానానికి మార్చుకోండి. ఖర్చు నాది.

వీరభద్ర


బేతంచెర్ల,
29 ఆగస్టు 2023

వీరభద్రప్ప గారికి నమస్కారాలు.

మా మరిది తన వంతు అమ్ముకోవడం ఆయన ఇష్టం. మీరు కొనుక్కోవడం మీ ఇష్టం. మీరు కొన్నది మూడో వంతు. ఏ మూడో వంతు అన్నది ఇంకా కొలిచి పంచలేదు. పంచేదాకా అందులో ఎవరూ రాయి పాతకూడదు, దారి వేయకూడదు, ఉన్నది తీయకూడదు. నంద్యాలలో లాయరమ్మను అడిగి తెలుసుకున్నాను. మర్యాదగా చెబుతున్నాను, బెదిరింపు కాదు.

మా ఆయన పని గురించి మీరు ఏ మాటా చెప్పవద్దు.

సమాధి మార్చము. దాని సంగతి మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఆ బండను మా మామ తనకోసం తానే చేసుకున్నాడు. ఆరడుగుల ఒకే రాయి, ఎక్కడా చీలిక లేదు. క్వారీలో పని అయిపోయాక ఫ్యాక్టరీకి పోయి రోజూ కాసేపు పాలిష్ పట్టేవాడట. ఎవరైనా ఒక పక్కే పడతారు. ఆయన రెండు పక్కలా పట్టాడు. "కింద పక్క ఎవరు చూస్తారు లాజరూ?" అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే, "కింద పండుకొనేది నేను గదప్పా, నాకు కనపడాల" అన్నాడట. పేరు, పుట్టిన తేదీ కూడా ఆయనే చెక్కుకున్నాడు. పోయిన తేదీ మా ఆయన చెక్కాడు.

నేల అమ్మము. మీ ఆరోగ్యం జాగ్రత్త.

దీవెన


కర్నూలు,
11 డిసెంబర్ 2023

దీవెనమ్మకు,

శామ్ కూడా తన వంతు నాకు రిజిస్టర్ చేశాడు. నీకు చెప్పి ఉండడు. చెప్పే ధైర్యం ఉంటే నీ ముందు ఎప్పుడో నోరు విప్పేవాడు. నువ్వు ఉత్తరాలు రాస్తుంటే మొగుడు ఖాళీగా కూర్చోవడం ఎంతకాలం? తిట్టకు. మగవాడికి చేతిలో పని లేకపోతే ఎముక లేనట్టే.

ఇప్పుడు రెండు వంతులు నావి. ఒకటి నీది. కోర్టులో భాగపంపిణీ దావా వేశాను. సమన్లు వస్తాయి, భయపడకు. దావా అంటే ఏళ్ళు పడుతుంది. అంత దూరం ఎందుకు?

వెంచర్ దగ్గర ఆఫీసు కట్టాం. మొన్న గృహప్రవేశం చేశాం, మిమ్మల్ని పిలుద్దామనుకున్నాను. గడప దగ్గర రాయి శామ్ చేతే వేయించాను. పనిమంతుడు. ఒక్క వెంట్రుకవాసి వంకర లేదు. అందరూ మెచ్చుకున్నారు. రోజు కూలీ రెండింతలు ఇచ్చాను.

వీరభద్ర


బేతంచెర్ల,
19 డిసెంబర్ 2023

వీరభద్రప్ప గారికి నమస్కారాలు.

సమన్లు అందాయి. జవాబు లాయరమ్మ ఇస్తారు.

పోయిన నెల మూడో ఆదివారం మేము ఆరాధనకు పోయి వచ్చేసరికి మా మామ సమాధి లేదు. ఇటుకలు లేవు, బండ లేదు. మట్టి చదును చేసి ఉంది. దాని మీద జేసీబీ చక్రాల గుర్తులు. మా అత్త ఏడవలేదు. బడి వైపు హద్దు రాయి దగ్గరనుంచి అడుగుకు అడుగు ఆనిస్తూ నడిచి పదో అడుగు దగ్గర కూర్చుంది. "ఈడుండాడు. యాడికీ పోలేదు" అంది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే నేను ఎత్తుకొని ఇంటికి తెచ్చాను. ఆ రోజునుంచి మంచం దిగలేదు.

స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం, రాసుకున్నారు. మీ మీద నింద వేసి రాయడం లేదు. మీకు చాలామంది తెలుసు. ఆ బండ ఎక్కడుందో విచారించి చెప్పగలరా? అత్త బతికుండగా తిరిగి వస్తే మీ మేలు మరువను.

నేల మాత్రం అమ్మను.

దీవెన


కర్నూలు,
4 జనవరి 2024

దీవెనమ్మకు,

బండలు ఎత్తుకుపోయేవాళ్ళు బేతంచెర్లలో తక్కువా? ఊరంతా బండలే, ఏది ఎవరిదని వెతకను? ఒక రాయికోసం ఇంత రాత అవసరమా? కావాలంటే పది బండలు లారీలో పంపిస్తాను. ఏది నచ్చితే దాని మీద పేరు రాయించుకోండి.

మీ అత్త ఆరోగ్యం గురించి విని బాధపడ్డాను. పెద్ద వయసు. అలాంటివాళ్ళు పోయాకయినా నువ్వు మెత్తబడతావని ఆశ.

ఒక మంచి మాట. మార్చిలో లోక్ అదాలత్ ఉంది. అక్కడ రాజీ పడితే ఆ రోజే తీర్పు, దాని మీద మళ్ళీ అప్పీలు ఉండదు. హైవే వైపు వెడల్పు యాభై నాలుగు అడుగులు. నీ వంతు పద్దెనిమిది, నావి ముప్పై ఆరు. హైవే నుంచి వెనకదాకా నిలువుగా చీలుద్దాం. ఏ పక్క కావాలో నువ్వే కోరుకో. ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు?

వీరభద్ర


బేతంచెర్ల,
22 జనవరి 2024

వీరభద్రప్ప గారికి నమస్కారాలు.

రాజీకి ఒప్పుకుంటున్నాను. బడి వైపు పద్దెనిమిది అడుగులు నాకు చాలు. వంక వైపు మీరు తీసుకోండి.

బండలు పంపవద్దు. ఆ బండ గురించి ఇక మీరు విచారించనక్కరలేదు.

దీవెన


కర్నూలు,
9 అక్టోబర్ 2024

దీవెనమ్మ గారికి వీరభద్ర నమస్కారాలు.

మీరు నా మనిషిని గుమ్మం దగ్గరనుంచే మంచినీళ్ళిచ్చి పంపేశారు. నేను స్వయంగా వస్తే తలుపు చాటునుంచి "రాసి పంపండప్పా" అన్నారు. రాస్తున్నాను.

అమ్మా, నాకు నాలుగు అడుగులు తక్కువ. ముప్పై ఆరు చూపిస్తే ఫైలు వెనక్కి వచ్చింది. నలభై ఉండాలి, అడుగు తగ్గినా కుదరదన్నారు. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టిన రోజు ఆ లెక్క నాకు తెలియక కాదు. నాలుగు అడుగులేగా, తర్వాత ఇవ్వకపోతారా అనుకున్నాను. అప్పుడవి చిన్నవిగా కనిపించాయి. వంకలోకి జరుగుదామంటే ప్రభుత్వం ఒప్పుకోదు. బడివాళ్ళు గేటు కూడా తీయలేదు.

అనుమతి రాకముందే నూట నలభై ప్లాట్లకు అడ్వాన్సులు తీసుకున్నాను. అది నా తప్పు. కొన్నవాళ్ళు ఇప్పుడు రోజూ వచ్చి ఆఫీసు వరండాలో కూర్చుంటున్నారు. ఒకాయన రిటైరైన టీచరు, నా ముఖం చూస్తూ కూర్చుంటాడు. మొన్న నా భార్య తాళి తీసి ఇచ్చింది తాకట్టుకు.

మీ నేల మొత్తం వద్దు. నాలుగు అడుగుల పట్టీ, హైవే నుంచి వెనకదాకా. మొదట మొత్తానికి చెప్పిన ధర దానికొక్కదానికే ఇస్తాను.

ఇంకొకటి చెప్పాలి. ఆ బండ దొరికింది. ఎక్కడ దొరికిందో అడగవద్దు. మీరు సరేనంటే కడిగించి, పూలు వేయించి, మీ ఇంటికి చేరుస్తాను. మీ అత్తగారి కాళ్ళు పట్టుకుంటాను.

మీ
వీరభద్ర


బేతంచెర్ల,
21 అక్టోబర్ 2024

వీరభద్రప్ప గారికి దీవెన నమస్కరించి రాసేది.

మీ కష్టం చదివి బాధ కలిగింది. ముఖ్యంగా మీ ఇంటావిడ గురించి. నాలుగు అడుగులు ఇవ్వలేను. అమ్మను, అద్దెకు ఇవ్వను, దారి హక్కు రాయను.

బండ దొరికిందన్నారు. అది ఎక్కడుందో మీరు రాజీ మాట ఎత్తిన నెలలోనే నాకు తెలుసు. క్రిస్మస్ పోయాక ఒక పొద్దున మా ఆయన అన్నం ముందు కూర్చొని చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. చెంబు ఖాళీ అయ్యేదాకా కడుక్కున్నాడు. ఏమైందని అడిగాను.

"బండ తిప్పేటప్పుడు కింద పక్క చేయి పెట్టినా. అక్షరాలు తగిలినాయి. నేను చెక్కిన తేదీ, దీవెనా. నా వేళ్ళకు తెలీదా? సిమెంటు తడిగా ఉండాది. వీరభద్రప్ప నెత్తిన నిలబడి 'కానీ కానీ, ముహూర్తం దాటిపోతాంది' అంటాండాడు. నాయనను బోర్లించినా."

రెండు పక్కలా పాలిష్ ఉండబట్టే మీకు గడపకు పనికొచ్చింది. మా మామ ఆ కింద పక్కను తన కోసం నున్నగా చేసుకున్నాడు. ఇప్పుడు దాని మీద మీ చెప్పులు. వేరే మేస్త్రీలు లేనట్టు మా ఆయన్నే ఎందుకు పిలిపించారో నేను అడగను. మీ ఉత్తరంలోనే ఉంది, వెంట్రుకవాసి వంకర లేదని.

ఆ రోజే బడి వైపు పద్దెనిమిది అడుగులు నాకు కావాలని అనుకున్నాను. నలభైలోంచి ముప్పై ఆరు తీసివేయడం నాకు వచ్చు. తీసివేతలు మూడో తరగతిలోనే నేర్పిస్తారు.

మా అత్త కాళ్ళు పట్టుకుంటానన్నారు. మీకు ఎవరూ చెప్పినట్టు లేదు, ఆమె సెప్టెంబర్ పద్నాలుగున పోయింది. బండ సంగతి ఆమెకు చివరిదాకా చెప్పలేదు. పోయే ముందు వారం నా చేత నేల దగ్గరికి మోయించుకొని పోయింది. మీ సర్వేయర్ పాతిన కొత్త హద్దు రాయి చూసి, "ఇది ఎవురిది పాపా?" అంది. చెప్పాను. మీకు ఎన్ని అడుగులు తక్కువో కూడా చెప్పాను. ఆ రాయి మీద చేయి వేసి కూర్చుంది. తర్వాత దానికి ఆనుకొని ఇటు పక్క మట్టి మీద వేలితో గీత గీసి, "నన్ను ఈ గీత మీద పెట్టు. లాజరు పక్కకు పక్క, ఆ రాయికి రాయి" అంది. నవ్వింది కూడా. మంచం పట్టాక ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

అలాగే పెట్టాం. మీ ముప్పై ఆరు అడుగులు ఎక్కడ అయిపోతాయో, మా అత్త అక్కడ మొదలవుతుంది. మీరు అడిగిన పట్టీలో హైవే ముఖం దగ్గర ఇప్పుడు ఆమె ఉంది. ఈసారి సమాధి నమోదు చేయించి, ఫోటోలు తీయించి, కాపీ మీ లాయరుకు పంపించాను.

బండ పంపవద్దు. బేరంలో భాగంగా వస్తే దాని మీద మా మామ పేరు ఉండదు, మీ పేరే ఉంటుంది. మా ఆయనను ఇంట్లోకి రానివ్వడం లేదు. గుడి వరండాలో పడుకుంటున్నాడు. అన్నం పంపుతున్నాను. ఆ బండ తన చేత్తో పెకలించి, తన వీపు మీద తెచ్చి, వాళ్ళ నాయన మీద తిరిగి పెట్టిన రోజు ఇంటికి రమ్మన్నాను. అందుకే మీ ఆఫీసు ముందు రోజూ చెప్పులు విప్పి నిలబడుతున్నాడు. ఆయనకు అడిగే ధైర్యం లేదు. మీరు అనుకున్నంత మెత్తనివాడే. మీరు ఇవ్వవద్దు, ఆయన్ని తరమవద్దు కూడా. నిలబడనివ్వండి.

వరండాలో కూర్చునే ఆ టీచరు గారికి గడప దాటేటప్పుడు చూసి దాటమని చెప్పండి. ఆయన తప్పేమీ లేదు.

ఎప్పటిలాగే కార్డు మీద సంతకం చేసి పోస్టుమాన్‌కు ఇవ్వండి. మీ సంతకాలన్నీ మా అత్త పెట్టెలో వరసగా పెట్టాను.

మీ మేలు కోరే
దీవెన